సప్లయర్ రాసిన రంగు పేరు, మార్కెట్‌ప్లేస్ ఫిల్టర్ రంగు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో గోడౌన్ స్ట్రీట్ నుంచి, సూరత్ నుంచి, సేలం దగ్గర ఇళంపిళ్లై నుంచి చీరలు తెప్పించుకుని ఆన్‌లైన్‌లో అమ్మే మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కేటలాగులు నేను చూస్తుంటాను. ఎవరు ఫోన్ చేసినా రంగుల దగ్గర అవే సందేహాలు వస్తున్నాయి, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఉదాహరణలన్నీ చీరలవే. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

సప్లయర్ బిల్లులో "రామా" అని ఉంది, నేనూ అదే పెట్టాను. తప్పేముంది?

పేరుగా పెడితే తప్పేమీ లేదు. కానీ కొనేవాళ్లు ఎడమవైపు ఉండే రంగుల ఫిల్టర్‌లో గ్రీన్ మీద టిక్ పెట్టగానే, ఆ వెబ్‌సైట్ "రామా" అన్న మాటను చదివి ఇది పచ్చరంగేమో అని ఆలోచించదు. తన దగ్గరున్న ఇరవై చిల్లర రంగుల జాబితాలో మీ వస్తువుకి ఏది రాసి ఉందో అదొక్కటే చూస్తుంది. అక్కడ ఖాళీ ఉంటే ఆ చీర ఏ రంగు ఫిల్టర్‌లోనూ కనిపించదు. స్టాక్ ఉంటుంది, ధర బాగుంటుంది, ఫోటో బాగుంటుంది, అయినా ఫిల్టర్ వాడే కస్టమర్‌కి ఆ చీర ఉన్నట్టే తెలియదు. ఎర్రర్ కూడా రాదు కాబట్టి మీకూ తెలియదు.

ఒకే వస్తువుకి రంగు గడులు రెండు ఎందుకున్నాయి? రెండింట్లోనూ ఒకటే రాయొచ్చా?

ఒకటి మీరు పెట్టుకునే పేరు, రెండోది ఫిల్టర్ కోసం. అమెజాన్ పాత ఎక్సెల్ టెంప్లేట్లలో మొదటిది `color_name`, రెండోది `color_map`. ఫ్లిప్‌కార్ట్‌లో మీ పేరుకి `Brand Color`, వాళ్ల జాబితాలోంచి ఎంచుకునేదానికి `Color`. మింత్రాలో ఫిల్టర్‌కి పనికొచ్చేది `Prominent Colour`. మీ పేరు రాసే గడిలో "బాటిల్ గ్రీన్" అని నిక్షేపంగా రాసుకోండి, కస్టమర్ పేజీలో చదివేది అదే. ఫిల్టర్ గడిలో మాత్రం వాళ్ల జాబితాలో ఉన్న మాటే, ఉన్న స్పెల్లింగ్‌తోనే పెట్టాలి.

రెండింట్లోనూ ఒకటే రాస్తే ఫిల్టర్‌కి ఇబ్బంది లేదు గానీ వేరియంట్ల దగ్గర దెబ్బ తగులుతుంది. ఒకే డిజైన్‌లో బాటిల్ గ్రీన్, చిలకపచ్చ రెండూ ఉన్నాయనుకోండి. రెండింటికీ పేరు గడిలో "గ్రీన్" అనే రాస్తే ఆ రెండిటికీ తేడా ఏమిటో సిస్టమ్‌కి తెలియదు, ఒకటి తిరస్కరిస్తుంది లేదా రెండూ ఒకే పేరుతో పేజీలో పడతాయి. పేరు వేరువేరుగా, ఫిల్టర్ రంగు ఒకటిగా ఉండాలి.

ఫిల్టర్ రంగుల జాబితా ఎక్కడ దొరుకుతుంది?

మీరు డౌన్‌లోడ్ చేసుకునే టెంప్లేట్‌లోనే ఉంటుంది. అమెజాన్ ఫైల్‌లో `Valid Values` అని ఒక షీట్ ఉంటుంది, అందులో చూడండి. వేరేచోట్ల ఆ గడి మీద క్లిక్ చేస్తే డ్రాప్‌డౌన్‌లో వస్తుంది. కేటగిరీ మారితే జాబితా కూడా మారొచ్చు, కాబట్టి చీరల జాబితా చూసి నగల ఫైల్ నింపకండి. ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత జాబితా అసలు వాడకండి.

## పట్టిక కట్టేటప్పుడు

సప్లయర్ పేరు నుంచి నేరుగా ఫిల్టర్ రంగుకి మ్యాప్ చేస్తే చాలదా, మధ్యలో ఇంకోటి ఎందుకు?

ఒకే మార్కెట్‌ప్లేస్‌లో అమ్ముతూ, ఎప్పటికీ అక్కడే ఉంటానంటే చాలు. రెండోచోట అడుగుపెట్టిన రోజు మొత్తం మళ్లీ చేసుకోవాల్సి వస్తుంది. ఒకరి జాబితాలో మెరూన్ విడిగా ఉంటుంది, ఇంకొకరి దగ్గర మెరూన్ లేదు కాబట్టి ఎరుపులో కలపాలి. మీరు ముందే మెరూన్‌లన్నిటినీ "రెడ్" అని రాసేసి ఉంటే, ఏవి అసలు ఎరుపో ఏవి మెరూనో ఇప్పుడు ఎలా విడదీస్తారు? ప్రతి ఫోటో మళ్లీ తెరవాల్సిందే.

అందుకే నేను అందరికీ చెప్పేది, మధ్యలో మీ సొంత షేడ్‌ల జాబితా ఒకటి పెట్టుకోండి. ముప్పై, ముప్పై అయిదు దాటనవసరం లేదు. ఎరుపు, మెరూన్, వైన్, రాణి పింక్, లేత గులాబి, ఉల్లిపొర, నారింజ, రస్ట్, పసుపు, ఆవపిండి రంగు, చిలకపచ్చ, బాటిల్ గ్రీన్, పిస్తా, మెహందీ, టీల్ గ్రీన్, టీల్ బ్లూ, ఆకాశనీలం, నేవీ, వంకాయరంగు, లావెండర్, గంధం, క్రీమ్... ఇలా. సప్లయర్ రాసిన ప్రతి పేరూ వీటిలో ఒకదానికి వెళ్తుంది. ఇది కళ్లతో చూసి చేసే పని, ఎక్కువ సమయం దీనికే పడుతుంది. ఆ తర్వాత ఈ ముప్పై షేడ్‌లకి ఒక్కో మార్కెట్‌ప్లేస్‌కి ఒక్కో కాలమ్ పెడితే అయిపోతుంది, కొత్త మార్కెట్‌ప్లేస్ వస్తే కొత్త కాలమ్ ఒక్కటే నింపాలి, అది అరగంట పని.

గజరీ, గజ్జరి, గాజ్రి, గజారి అని ఒక్కొక్కసారి ఒక్కోలా రాస్తున్నారు. అన్నీ విడివిడిగా ఎక్కించాలా?

ఎక్కించాలి, అదే నయం. ముందు చెత్త తీసేయండి. ముందూ వెనకా ఉన్న ఖాళీలు, మధ్యలో రెండేసి ఖాళీలు, వెబ్ పేజీ నుంచి కాపీ చేస్తే వచ్చే కంటికి కనపడని ఖాళీ, ఇవి పోతేనే సగం "కొత్త" పేర్లు పాతవే అని తేలుతుంది. మీ షీట్‌లో `B` కాలమ్‌లో సప్లయర్ కోడ్, `C` లో వాళ్లు రాసిన రంగు ఉంటే, `D` లో ఇది పెట్టండి:

```
=LOWER(TRIM(CLEAN(SUBSTITUTE(C2,CHAR(160)," "))))
```

ఇక్కడ `CHAR(160)` అన్నదే ఆ కనపడని ఖాళీ. మామూలు `TRIM` దాన్ని తీయదు, అందుకే "navy blue" రెండుసార్లు చూస్తే ఒకేలా ఉంటుంది, వెతికితే మాత్రం దొరకదు, ఎందుకో అర్థంకాక టెన్షన్ పడతారు.

దీని తర్వాత కూడా మిగిలే స్పెల్లింగ్ తేడాలన్నిటికీ పట్టికలో విడి వరస ఇవ్వండి. గజరీకి నాలుగు స్పెల్లింగులుంటే నాలుగు వరసలు. దగ్గరగా ఉన్న స్పెల్లింగ్‌ని తనంతట తానే పట్టుకునే పద్ధతులు ఉన్నాయి గానీ రంగుల పేర్లు చాలా చిన్నవి, ఒక్క అక్షరంతో రంగే మారిపోతుంది. "peach" కి "peacock" సగం దూరంలోనే ఉంది. వరస ఎక్కించడానికి పట్టేది అర నిమిషం, ఒకసారి ఎక్కిస్తే మళ్లీ ఆ పేరు జోలికి పోనక్కర్లేదు.

పేరులో "red" ఉంటే రెడ్, "green" ఉంటే గ్రీన్ అని ఫార్ములా పెడితే పని త్వరగా అయిపోతుంది కదా?

త్వరగానే అవుతుంది, తప్పుగా అవుతుంది. "layered" లో "red" ఉంది. "marigold" లో "gold" ఉంది. "tangerine" లో "tan" ఉంది. మరోపక్క "Rani", "Firozi", "Wine" వంటి పేర్లలో ఫిల్టర్ రంగు మాటే ఉండదు, అవన్నీ మిగిలిపోతాయి. ఇంకా పెద్ద చిక్కు అంచుది: "Cream with Red Border" అన్న చీర ఎరుపులో పడుతుంది, అది చూసి కస్టమర్ ముందుకు జరిగిపోతుంది. మొత్తం పేరు అక్షరం పొల్లుపోకుండా కుదిరితేనే తీసుకోవాలి, కుదరకపోతే మనిషి చూడాలి.

సప్లయర్ మారితే అదే పేరుకి వేరే రంగు వస్తోంది. దీన్ని పట్టికలో ఎలా చూపించాలి?

ఇది నిజంగా జరిగేదే, దీన్ని పట్టించుకోని పట్టిక నెలలోపు పాడవుతుంది. చీరాల నుంచో మంగళగిరి నుంచో వచ్చిన చీటీలో "pacha" అని ఉంటే అది ఆకుపచ్చో పసుపుపచ్చో బట్ట విప్పితేగానీ చెప్పలేం. ఇళంపిళ్లై వాళ్లు "pachai" అంటే ఆకుపచ్చే, సందేహం లేదు. ఇక్కడ తమిళ వ్యాపారి "rose" అని రాస్తే గులాబీ పూవు ఎరుపు కాదు, పింక్. "sandal" అంటే లేత గంధం, "ash" అంటే గ్రే, "arakku" అంటే లక్క రంగు, మెరూన్ కింద పెట్టండి. సూరత్ బిల్లులో "jambli" అంటే ఊదా, "kesari" అంటే నారింజ, "chiku" అంటే సపోటా పైతోలులాంటి లేత బ్రౌన్.

కాబట్టి పట్టికలో తాళంచెవి పేరు ఒక్కటే కాకూడదు, సప్లయర్ కోడ్ కూడా కలవాలి. `map` అన్న షీట్‌లో మొదటి కాలమ్‌లో "s07|pacha" అని, రెండో కాలమ్‌లో మీ షేడ్ రాయండి. ఏ సప్లయర్ రాసినా ఒకే అర్థం వచ్చే పేర్లకి కోడ్ బదులు "all" అని పెట్టండి. ముందు సప్లయర్ వరస వెతికి, దొరక్కపోతే అందరికీ వర్తించే వరస వెతికి, అదీ లేకపోతే `CHECK` అని చూపించే ఫార్ములా ఇది:

```
=IFERROR(VLOOKUP(B2&"|"&D2,map!A:B,2,FALSE),
 IFERROR(VLOOKUP("all|"&D2,map!A:B,2,FALSE),"CHECK"))
```

"all" బదులు నక్షత్రం గుర్తు పెడదామని కొందరు అంటారు, వద్దు. `VLOOKUP` దాన్ని "ఏదైనా సరే" అని అర్థం చేసుకుని ఎవరిదో వరస పట్టుకొస్తుంది.

సప్లయర్ రాసిన పేరు తీసేసి దాని మీదే సరైనది రాసేస్తే షీట్ శుభ్రంగా ఉంటుందిగా?

దయచేసి ఆ పని చేయకండి. రేపు అదే చీర మళ్లీ కావాలంటే సూరత్ వాళ్లకి వాళ్ల మాటే చెప్పాలి, "టీల్ బ్లూ పంపండి" అంటే వాళ్లు ఇంకేదో పంపుతారు. తప్పుడు రంగు వచ్చిందని గొడవ పడాలన్నా బిల్లులో ఉన్న మాటే సాక్ష్యం. ఆ కాలమ్‌ని లాక్ చేసి పక్కన కొత్త కాలమ్ పెట్టుకోండి.

## రంగు తేల్చుకోలేనప్పుడు

రామా గ్రీన్ అసలు గ్రీనా, బ్లూనా? ఎవరినడిగినా ఒక్కోటి చెప్తున్నారు.

అందరికంటే ఎక్కువ అడిగే ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. సూరత్ బిల్లులో "Rama" అని, "Rama Green" అని ఉంటుంది, ఇక్కడ తమిళం వైపు వాళ్లు "Ramar Green" అంటారు, కొందరు "Ramar Blue" కూడా అంటారు. ఇవన్నీ నీలానికీ ఆకుపచ్చకీ మధ్యలో ఉండే ముదురు టీల్ రంగులు. మధ్యలోనే ఉన్నాయి కాబట్టే పేరు చూసి తేల్చలేం, బట్ట చూసి తేల్చాలి.

ఒక పని చేయండి. రెండు సప్లయర్ల నుంచి ఒక్కో చీర తీసుకుని పగటిపూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, తెల్ల కాగితం మీద పక్కపక్కనే పరచండి. ట్యూబ్‌లైట్ కింద చూడకండి, టీల్ రంగులు లైటును బట్టి బాగా అటూఇటూ అవుతాయి. ఫోటో తీసి, కాగితం ఫోటోలో కూడా తెల్లగానే కనిపిస్తోందో లేదో చూడండి, పసుపుగానో నీలంగానో ఉంటే ఆ ఫోటో పనికిరాదు. తర్వాత ఏదైనా కలర్ పికర్‌తో జరీ లేని, మడత నీడ లేని చోట మూడు నాలుగు చుక్కలు తీసుకోండి.

ఉదాహరణకి ఇళంపిళ్లై చీరకి `#00736B` వచ్చిందనుకోండి, సూరత్ దానికి `#006C7A`. ఈ కోడ్‌లో మొదటి రెండు అక్షరాలు ఎరుపు పాలు, నడిమి రెండు ఆకుపచ్చ, చివరి రెండు నీలం. మొదటిదాంట్లో ఆకుపచ్చ 115, నీలం 107, అంటే ఆకుపచ్చ వైపు ఒరిగింది. రెండోదాంట్లో ఆకుపచ్చ 108, నీలం 122, నీలం వైపు ఒరిగింది. రంగుల చక్రం మీద చెప్పాలంటే ఆకుపచ్చ 120 డిగ్రీల దగ్గర, నీలం 240 దగ్గర ఉంటాయి, సరిగ్గా నడిమధ్య 180. మొదటిది సుమారు 176, రెండోది సుమారు 187. కాబట్టి ఇళంపిళ్లై వాళ్ల "ramar green" ని టీల్ గ్రీన్ షేడ్‌లో, సూరత్ వాళ్ల "rama" ని టీల్ బ్లూ షేడ్‌లో పెట్టండి. ఫిల్టర్‌లో మొదటిది గ్రీన్, రెండోది బ్లూ. రెండు సప్లయర్లకీ రెండు విడి వరసలు.

తేడా ఇంత తక్కువున్నప్పుడు లెక్క ఒక్కదాన్నే నమ్మకండి. ఇంట్లో ఈ వ్యాపారంతో సంబంధం లేని ఇద్దరు ముగ్గురికి లిస్టింగ్‌లో పెట్టే ఫోటోనే ఫోన్‌లో చిన్నగా చూపించి "ఇదేం రంగు?" అని అడగండి. లెక్క ఒకటి చెప్పి వాళ్లంతా ఇంకోటి అంటే వాళ్ల మాటే తీసుకోండి, కొనేవాళ్లు చూసేదీ అలాగే.

ఫిల్టర్‌లో టర్కాయిజ్ ఉంటే ఈ రామా రంగుల్ని అందులో పడేయాలని అనిపిస్తుంది. నా మట్టుకు వద్దంటాను. ఆ ఫిల్టర్ ఎంచుకునేవాళ్లు చూడాలనుకునేది లేత, మెరిసే ఫిరోజీ రంగు. అక్కడ ఈ ముదురు చీరలు చూసి క్లిక్ చేయరు. "Firozi" అని వచ్చినవాటికి టర్కాయిజ్ ఉంచండి.

ఫోటోలోంచి రంగు కోడ్ తీసి డిగ్రీలతోనే అన్ని చీరలకీ ఆటోమేటిక్‌గా చేయొచ్చా?

నీలం, ఆకుపచ్చల మధ్య తగవు తీర్చడానికి ఆ డిగ్రీలు బాగా పనికొస్తాయి. ఎరుపు, నారింజ వైపు వచ్చేసరికి మోసం చేస్తాయి. బ్రౌన్ అంటే నిజానికి చీకటి పడిన నారింజ, ఇద్దరిదీ చక్రం మీద ఒకే చోటు. మెరూన్ `#800000`, ఎరుపు `#FF0000`, రెండిటికీ డిగ్రీ సున్నానే. లేత గులాబీ కూడా అక్కడక్కడే తిరుగుతుంది. వీటిని విడదీసేది వెలుగు, గాఢత, అవి ఫోటోగ్రాఫర్ లైటింగ్‌ని బట్టి మారిపోతాయి. నలుపు, గ్రే, ఆఫ్ వైట్‌లకైతే డిగ్రీకి అర్థమే లేదు. పైగా చీరలో జరీ ఉంటుంది, మోడల్ చర్మం ఉంటుంది, వెనక గోడ ఉంటుంది, ఫోటో మొత్తానికి సగటు తీస్తే అన్నీ బురద రంగులో తేలతాయి. తగవు పడ్డవాటికి మాత్రమే వాడండి.

ఎరుపు బాడీ, గోల్డ్ బోర్డర్, పచ్చ పల్లూ. మల్టీకలర్ పెట్టేయనా?

వద్దు, రెడ్. దూరం నుంచి ఎవరైనా "ఆ ఎర్ర చీర" అంటారు కదా, అదే ఫిల్టర్ రంగు. బోర్డర్, పల్లూ సంగతి టైటిల్‌లో, పేరు గడిలో రాయండి. మింత్రాలాగా రెండో ముఖ్యమైన రంగుకి విడి గడి ఉన్నచోట దాన్ని వాడుకోండి. మల్టీకలర్ అన్నది ఏ రంగూ పైచేయిగా లేనివాటికి మాత్రమే, పటోలా తరహా ప్రింట్లు, లెహరియా, ముక్కలు కుట్టిన డిజైన్లు వంటివి.

పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. కదిలిస్తే రెండు రంగులు కనిపించే చీరకి ఏం పెట్టాలి?

మెయిన్ ఫోటోలో ఏ రంగు ఎక్కువ కనిపిస్తోందో అది. నెమలికంఠం చీరని చేత్తో పట్టుకుంటే ఒకసారి నీలం, ఒకసారి ఆకుపచ్చ, కానీ థంబ్‌నెయిల్‌లో కనిపించేది ఒక్కటే. ఇక్కడ ఫోటోకీ ఫిల్టర్‌కీ పొత్తు కుదరడం ముఖ్యం. రెండో రంగు బాగా కనపడే ఫోటో కూడా గ్యాలరీలో పెట్టి, వివరణలో "నీలం, ఆకుపచ్చ డబుల్ షేడ్" అని రాయండి, లేకపోతే చేతికొచ్చాక రంగు వేరే ఉందని తిప్పి పంపుతారు. పడుగు రంగు మార్చి మళ్లీ ఫోటో తీయిస్తే ఫిల్టర్ రంగు కూడా మళ్లీ చూసుకోవాలి.

ఎం.ఎస్. బ్లూ, వాడామల్లి లాంటి పేర్లకి ఏం పెట్టాలి?

ఎం.ఎస్. బ్లూ అంటే కాంచీపురానికి చెందిన ముత్తు చెట్టియార్ ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కోసం నేయించిన నీలం. ఫిల్టర్ బ్లూ, అందులో సందేహం లేదు. పేరు గడిలోనూ టైటిల్‌లోనూ మాత్రం "ఎం.ఎస్. బ్లూ" అని తప్పకుండా ఉంచండి, ఆ పేరుతోనే వెతుక్కుని వచ్చేవాళ్లు ఉన్నారు.

వాడామల్లి కష్టమైనది. ఆ పూవు రంగు పింక్‌కీ ఊదాకీ మధ్యలో ఉంటుంది, ఒక్కో నేతగాడి దగ్గర ఒక్కోవైపు జరుగుతుంది. రాణి పింక్ చీర ఒకటి, వంకాయరంగు చీర ఒకటి తెచ్చి మధ్యలో పెట్టి చూడండి, దేని పక్కన కలిసిపోతోందో అటు వేయండి. ఒక్కదాన్నే చూస్తూ కూర్చుంటే ఎంతసేపైనా తేలదు.

బిల్లులో రంగే లేదు. "as per image", "asst", "D.No 1042-C" అని ఉంటే?

అక్కడ మ్యాప్ చేయడానికి పేరు లేదు కాబట్టి పట్టికలో ఎక్కించకండి. "c" అంటే ఈ డిజైన్‌లో మెరూన్, వచ్చే డిజైన్‌లో పిస్తా. ఇలాంటివి ఎప్పుడూ `CHECK` గానే రావాలి, చీర విప్పి చూసి ఆ ఒక్క SKU కి షేడ్ నేరుగా రాయాలి. సప్లయర్ వాట్సాప్‌లో పంపిన ఫోటో చూసి తేల్చొద్దు, చాలావాటికి రంగు పెంచి ఉంటుంది.

## అప్‌లోడ్ చేసేటప్పుడు

వాళ్ల జాబితాలో నా షేడ్‌కి సరిపోయేది లేదు. రస్ట్‌కి ఏం పెట్టను?

దగ్గరి రంగు, ఎప్పుడూ ఒకటే పెట్టండి. రస్ట్‌ని నేను ఆరెంజ్‌లో వేయమంటాను, బాగా ముదురుగా ఉంటే బ్రౌన్. ఉల్లిపొర పింక్. ఆవపిండి రంగు ఎల్లో. వైన్‌కి మెరూన్ ఉంటే మెరూన్, లేకపోతే ఫోటోలో ఊదా చాయ కనపడితే పర్పుల్, కనపడకపోతే రెడ్. గంధం, బిస్కెట్ రంగులకి బేజ్, క్రీమ్‌కి ఆఫ్ వైట్ ఉంటే అది. "ఇతరాలు" అన్న గడి ఉన్నా వాడకండి, ఆ ఫిల్టర్ మీద టిక్ పెట్టి చీర వెతికేవాళ్లు ఉండరు.

ఎక్కువమందికి కనపడాలని ఒక చీరనే రెండు రంగుల్లో పెట్టొచ్చా?

ఒకే చీరకి రెండు లిస్టింగులు చేసి ఒకదాంట్లో గ్రీన్, ఒకదాంట్లో బ్లూ పెట్టడం డూప్లికేట్ కింద లెక్క, పట్టుబడితే తీసేస్తారు. పట్టుబడకపోయినా బ్లూ అనుకుని కొన్నవాళ్ల ఇంటికి గ్రీన్ వెళ్తుంది, రానూపోనూ కొరియర్ ఖర్చు మీదే, చీర మడత పాడై తిరిగొస్తుంది.

"Grey" అని పెడితే ఎర్రర్, "Multicolour" అని పెట్టినా ఎర్రర్. ఎందుకు?

స్పెల్లింగ్. ఒకచోట grey, ఒకచోట gray, ఒకచోట multicolour, ఒకచోట multicoloured లేదా multicolor. మధ్యలో గీత కూడా లెక్కే, off white వేరు, off-white వేరు. చేత్తో టైప్ చేయకుండా వాళ్ల ఫైల్‌లోంచి కాపీ చేసి మీ షేడ్‌ల కాలమ్‌లో ఒకసారి పేస్ట్ చేసుకోండి.

## లైవ్ అయ్యాక

ఫిల్టర్‌లో నిజంగా వస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

కొనేవాళ్లు వెతికినట్టే వెతకండి. బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి, లాగిన్ కాకుండా, చీరల కేటగిరీకి వెళ్లి రంగు ఫిల్టర్ పెట్టి, దానితోపాటు మీ బ్రాండ్ ఫిల్టర్ కూడా పెట్టండి. బ్లూలో మీ షీట్ ప్రకారం పద్దెనిమిది చీరలు ఉండాలి, అక్కడ పదకొండే కనిపిస్తున్నాయంటే మిగతా ఏడూ ఏవో పేర్లు రాసుకుని వాటి ఫిల్టర్ గడి తెరిచి చూడండి. ముందుగా అవి స్టాక్‌లో ఉన్నాయో లేదో కూడా చూసుకోండి, లేని స్టాక్‌ని చాలాసార్లు రంగు తప్పనుకుంటాం. మార్పు చేసిన వెంటనే చూస్తే పాతదే కనపడొచ్చు, మర్నాడు చూడండి.

తర్వాత ఆ ఫిల్టర్ పేజీని కాస్త దూరం నుంచి చూడండి. అన్నీ నీలాలే ఉన్న చోట ఒక్క ఆకుపచ్చ చీర ఉంటే వెంటనే కంటికి తగులుతుంది. షీట్‌లో వరసలు చదివితే దొరకని తప్పు ఇలా నిమిషంలో దొరుకుతుంది.

ఫిల్టర్ సరిగ్గానే ఉంది, అయినా "మెరూన్ చీర" అని టైప్ చేస్తే నాది రావట్లేదు. ఎందుకు?

ఫిల్టర్ వేరు, టైప్ చేసే సెర్చ్ వేరు. మెరూన్ లేని జాబితాలో మీరు రెడ్ అని పెట్టి ఉంటారు, అది సరైనదే. టైప్ చేసిన మాట కుదరాలంటే ఆ మాట టైటిల్‌లోనో రంగు పేరు గడిలోనో ఉండాలి. సప్లయర్ రాసిన "arakku" నే అక్కడ వదిలేస్తే తమిళం తెలిసినవాళ్లకి తప్ప ఎవరికీ పనికిరాదు. పేరు గడిలో "మెరూన్" అని మామూలుగా వాడే ఇంగ్లీషు పేరు పెట్టండి, రెండు పేర్లూ అవసరమనిపిస్తే రెండోది వివరణలో వేయండి.

రంగు తేడా అని రిటర్న్‌లు వస్తున్నాయి. మ్యాపింగ్ తప్పా, ఫోటో తప్పా?

రిటర్న్‌లని సప్లయర్, షేడ్ వారీగా వేరు చేసి చూడండి. ఒకే సప్లయర్ ఒకే షేడ్ చీరలు వేర్వేరు డిజైన్లలో కూడా తిరిగొస్తుంటే పట్టికలో ఆ వరస తప్పయి ఉంటుంది. అన్ని షేడ్‌లలోనూ అక్కడక్కడా వస్తుంటే ఫోటోల మీద అనుమానపడాలి. ఒకే SKU మొదటి లాట్‌లో రాలేదు, రెండో లాట్ నుంచి మొదలైంది అంటే అద్దకం మారింది, అదే పేరుతో సప్లయర్ వేరే రంగు పంపాడు. అప్పుడు ఫోటో, షేడ్ రెండూ కొత్త లాట్‌కి తగ్గట్టు మార్చాలి, లేదా సరుకు వెనక్కి పంపాలి.

పట్టిక ఒకసారి కట్టాక మళ్లీ ఎప్పుడు చూడాలి?

కొత్త సరుకు ఎక్కించే ప్రతిసారీ `CHECK` వచ్చినవి మాత్రం చూడండి, మొదట్లో చాలా వస్తాయి, పోనుపోనూ తగ్గిపోతాయి. ప్రతి వరస పక్కన ఎవరు తేల్చారు, ఏ తేదీన, ఏ ఫోటో చూసి అని రాసి పెట్టుకుంటే ఆర్నెల్ల తర్వాత "దీన్ని బ్లూ అని ఎవరు పెట్టారు" అని వాదన రాదు. పండగల ముందు, అంటే దసరా దీపావళి సరుకు దిగేటప్పుడు, సప్లయర్లు కొత్త పేర్లు చాలా తెస్తారు, ఆ వారం రంగుల పనికి ఒకరిని విడిగా కూర్చోబెట్టండి. మార్కెట్‌ప్లేస్ టెంప్లేట్ కొత్తది వచ్చినప్పుడు జాబితాలో ఏదైనా రంగు చేరిందా, పోయిందా అని మీ షేడ్‌ల కాలమ్‌తో పోల్చి చూసుకోండి.